ఓడీ ఇంకా రాలేదా? పీసీతో బెంగళూరులో ఉద్యోగంలో చేరడం ఎలా

మారతహళ్లి, బీటీఎం పీజీల్లో ఉండే మన పిల్లలు ఏటా జూలై, ఆగస్టు నెలల్లో ఇదే అడుగుతుంటారు. చేరే రోజు తేవాల్సిన కాగితాల జాబితాలో "డిగ్రీ సర్టిఫికెట్" అని ఉంది, చేతిలో మాత్రం ప్రొవిజనల్ ఒక్కటే ఉంది, కాన్వొకేషన్ ఎప్పుడో కాలేజీలో ఎవరూ చెప్పలేకపోతున్నారు. చేరనిస్తారా, వెనక్కి పంపేస్తారా?

అదే ఏడాది పాసైనవాళ్లయితే మామూలుగా చేరనిస్తారు. ఫ్రెషర్లను తీసుకునే కంపెనీలకు ఓడీ, అంటే ఒరిజినల్ డిగ్రీ, ఆలస్యంగా వస్తుందని బాగా తెలుసు. అసలు తలనొప్పి రెండు చోట్ల పుడుతుంది. ఒకటి, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఫారంలో తప్పు రాయడం. రెండోది, ఓడీ దానంతట అదే ఇంటికి వస్తుందనుకుని అప్లై చేయకుండా కూర్చోవడం. ఆంధ్ర, తెలంగాణల్లో జేఎన్‌టీయూల కింద బీటెక్ చేసి బెంగళూరులో చేరుతున్నవాళ్లను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. బెంగళూరులోనే చదివినవాళ్లకు కూడా చాలావరకు పనికొస్తుంది, వాళ్లకు తేడా ఉన్నచోట విడిగా చెబుతాను.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- ప్రొవిజనల్ సర్టిఫికెట్, అంటే పీసీ. మీరు డిగ్రీకి అర్హులయ్యారని యూనివర్సిటీ చెప్పే కాగితం ఇదే.
- కన్సాలిడేటెడ్ మార్క్స్ మెమో, అంటే సీఎంఎం.
- అన్ని సెమిస్టర్ల మెమోలు. సప్లిమెంటరీలో రాసిన సబ్జెక్టులుంటే వాటి మెమోలు కూడా.
- టెన్త్ మెమో. పేరు విషయంలో తగాదా వస్తే అందరూ చూసేది దీన్నే.
- ఆధార్, పాన్.

బెంగళూరు హెచ్‌ఆర్‌లు మెమోను "మార్క్స్ కార్డ్" అంటారు, ఓడీని "కాన్వొకేషన్ సర్టిఫికెట్" అని కూడా అంటారు. కాన్వొకేషన్ సర్టిఫికెట్ ఏదని అడిగితే మన దగ్గర అలాంటిది ఉండదని చెప్పేయకండి, వాళ్లు అడుగుతున్నది ఓడీనే.

1. కాలేజీ నుంచి బయటపడే ముందే పీసీ చదవండి

యూనివర్సిటీ నుంచి పీసీ, సీఎంఎం కాలేజీకి వస్తాయి. నో డ్యూస్ అయ్యాక మీ చేతికిస్తారు. సంతకం పెట్టి తీసుకునే ముందు ఆ కౌంటర్ దగ్గరే నిలబడి పేరులో ప్రతి అక్షరం, తండ్రి పేరు, హాల్ టికెట్ నంబరు, బ్రాంచి, క్లాసు, పాసైన నెల, సంవత్సరం చూసుకోండి. వెనక లైన్లో ఉన్నవాళ్లు విసుక్కుంటే విసుక్కోనివ్వండి. అక్కడ పట్టుకున్న తప్పును కాలేజీ ఎగ్జామ్ సెక్షన్ తన ఉత్తరంతో యూనివర్సిటీకి తిప్పి పంపుతుంది. బెంగళూరు వచ్చాక కనబడితే ఆ పని సెలవు పెట్టి మీరే చేసుకోవాలి. పైగా పీసీలో ఉన్న పేరే ఓడీలోకీ వెళ్తుంది.

తీసుకున్న రోజే రెండు వైపులా కలర్ స్కాన్ చేసి పెట్టుకోండి. కొన్ని యూనివర్సిటీలు ఓడీ ఇచ్చేటప్పుడు పీసీ వెనక్కి తీసుకుంటాయి, కొన్ని పీసీల మీద ఇది ఎంతకాలం చెల్లుతుందో అచ్చువేసి ఉంటుంది. కింద చిన్న అక్షరాల్లో అలాంటి గడువేదైనా ఉంటే ఇప్పుడే గుర్తుపెట్టుకోండి.

పీసీ ఇంకా రాలేదు, చేరే తేదీ ముంచుకొచ్చింది అనుకోండి. కాలేజీ లెటర్‌హెడ్ మీద ప్రిన్సిపల్ సంతకం, సీలుతో కోర్సు పూర్తయినట్టు సర్టిఫికెట్ తీసుకోండి. ఫలానా హాల్ టికెట్ నంబరు గల విద్యార్థి అన్ని సబ్జెక్టులూ పాసయ్యాడు, ఫలితాలు ఫలానా తేదీన వచ్చాయి, పీసీ యూనివర్సిటీ నుంచి రావాల్సి ఉంది అని అందులో ఉండాలి. దానికి ఆన్‌లైన్ ఫలితాల ప్రింటవుట్ జతచేయండి. చాలా ప్రైవేటు కంపెనీలు వీటితో చేర్చుకుని పీసీకి కొంత గడువిస్తాయి. ఒప్పుకుంటారో లేదో చేరే రోజు గేటు దగ్గర తెలుసుకోవడం కాకుండా, ముందే మెయిల్లో రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఫోన్లో "పర్వాలేదు రండి" అన్న మనిషి ఆ రోజు లీవులో ఉండొచ్చు.

2. ఓడీకి వెంటనే అప్లై చేయండి

చాలామంది దాటేసే మెట్టు ఇదే. పీసీ కాలేజీకి వచ్చినట్టు ఓడీ కూడా వస్తుందనుకుంటారు. జేఎన్‌టీయూల్లో ఓడీకి మీరే విడిగా అప్లై చేసి ఫీజు కట్టాలి. ఫీజు, తీరు మారుతుంటాయి కాబట్టి మీ యూనివర్సిటీ ఎగ్జామినేషన్ బ్రాంచి పేజీలో ఆ రోజు ఉన్నదే చూడండి, సీనియర్ పంపిన పాత స్క్రీన్‌షాట్‌ను నమ్ముకోవద్దు.

కాన్వొకేషన్‌కూ ఓడీకీ ఉన్న సంబంధం కూడా ఇక్కడే తేల్చుకోవాలి. రాష్ట్ర యూనివర్సిటీల్లో స్నాతకోత్సవం తేదీ చాన్సలర్ వీలును బట్టి కుదురుతుంది కాబట్టి అది నెలల తరబడి జరగకుండా ఉండటం వింతేమీ కాదు. వేదిక మీద పట్టా అందుకునేది ఎక్కువగా పీహెచ్‌డీలు, గోల్డ్ మెడలిస్టులే. మిగతావాళ్లకు అప్లికేషన్ మీద ఎగ్జామినేషన్ బ్రాంచి నుంచో, కాలేజీ ద్వారానో, పోస్టులోనో వస్తుంది. కాబట్టి ఎగ్జామినేషన్ బ్రాంచిని అడగాల్సింది "కాన్వొకేషన్ ఎప్పుడు" అని కాదు. "కాన్వొకేషన్‌తో సంబంధం లేకుండా ఓడీ ఇస్తున్నారా, లేక అది అయ్యాకే ఇస్తారా" అని అడగండి. ఇస్తున్నారంటే ఆ రోజే అప్లై చేసేయండి. అయ్యాకే ఇస్తామంటే కాన్వొకేషన్ నోటిఫికేషన్ కోసం చూస్తూ ఉండాలి. దానికి చివరి తేదీ ఉంటుంది, దాటితే లేట్ ఫీజో, వచ్చే కాన్వొకేషన్ దాకా ఆగడమో తప్పదు.

అప్లికేషన్లో పోస్టల్ అడ్రస్ దగ్గర బెంగళూరు పీజీ అడ్రస్ ఇవ్వకండి. ఓడీ వచ్చేసరికి మీరు ఆ పీజీలో ఉంటారన్న నమ్మకం లేదు, పోస్ట్‌మ్యాన్ వచ్చినప్పుడు గదిలో ఉండరన్నది మాత్రం దాదాపు ఖాయం. డెలివరీ కాని కవరు యూనివర్సిటీకి తిరిగెళ్తే మళ్లీ మొదటి నుంచి తిరగాలి. ఇంటి దగ్గర పగలు ఎవరైనా ఉండే అడ్రస్ ఇవ్వండి. కౌంటర్లో తీసుకునేదైతే మీ బదులు అమ్మానాన్నలకు ఇస్తారో లేదో, దానికి ఎలాంటి ఆథరైజేషన్ లెటర్ కావాలో ముందే కనుక్కోండి. అప్లికేషన్ నంబరు, ఫీజు రసీదు పీడీఎఫ్‌గా దాచుకోండి, అది నాలుగో మెట్టులో పనికొస్తుంది.

3. వెరిఫికేషన్ ఫారం పీసీని ముందు పెట్టుకుని నింపండి

కంపెనీ తరఫున ఒక వెరిఫికేషన్ ఏజెన్సీ మీ పీసీ లేదా సీఎంఎం కాపీని యూనివర్సిటీకి పంపించి, ఇది మీరిచ్చిందేనా అని అడుగుతుంది. యూనివర్సిటీ తన రికార్డుతో పోల్చి జవాబిస్తుంది. ఓడీ లేకపోయినా ఈ పని జరుగుతుంది, పీసీ మీద ఉన్న వివరాలు చాలు. కాబట్టి ఓడీ లేదని టెన్షన్ పడాల్సిన పనిలేదు, మీరు రాసిన ప్రతి గడీ ఆ రికార్డుతో కలవడమే ముఖ్యం. ఎక్కువగా తప్పులు జరిగే గడులు ఇవి:

*పాసైన నెల, సంవత్సరం.* పీసీ మీద ఏది అచ్చయిందో అదే రాయాలి. అది సాధారణంగా మీరు చివరి పరీక్ష రాసిన నెల. ఫలితాలొచ్చిన రోజు, పీసీ చేతికందిన రోజు, కాన్వొకేషన్ తేదీ ఇవేవీ కావు. 2024 బ్యాచి అయినా ఒక్క సబ్జెక్టు సప్లీలో 2025 జనవరిలో గట్టెక్కితే మీరు పాసైంది 2025 జనవరిలోనే. బ్యాచి సంవత్సరం బాగుంటుందని 2024 అని రాస్తే అది తప్పుడు సమాచారం కింద రిపోర్టులోకి ఎక్కుతుంది. బ్యాక్‌లాగ్ ఉండి క్లియర్ చేసినందుకు చేరాక ఎవరూ తీసేయరు. దాచినందుకు మాత్రం ఆఫర్లు పోతాయి.

*హాల్ టికెట్ నంబరు.* జేఎన్‌టీయూ నంబర్లో అంకెలూ అక్షరాలూ కలిసి పది ఉంటాయి. సీఎస్ఈ కోడ్ 05లో ఉన్నది సున్నా, ఓ అక్షరం కాదు. చేత్తో టైప్ చేసేటప్పుడు ఇది మారిపోతే యూనివర్సిటీ "రికార్డు లేదు" అంటుంది. ఆ జవాబు చూసినవాళ్లకు సర్టిఫికెట్ దొంగదేమో అనిపిస్తుంది.

*మొదలైన సంవత్సరం.* డిప్లొమా చేసి లేటరల్ ఎంట్రీలో రెండో ఏడాదిలో చేరినవాళ్లు, అంటే హాల్ టికెట్లో 5A ఉన్నవాళ్లు, కోర్సు మూడేళ్లనే చూపించాలి. నాలుగేళ్లు వేస్తే డిప్లొమా చివరి ఏడాదీ బీటెక్ మొదటి ఏడాదీ ఒకదాని మీద ఒకటి పడతాయి.

*యూనివర్సిటీ పేరు.* అటానమస్ కాలేజీల్లో మెమోలు కాలేజీ ఇస్తుంది, డిగ్రీ ఇచ్చేది యూనివర్సిటీ. రెండు పేర్లూ వాటి వాటి గడుల్లో రాయండి. యూనివర్సిటీలు విడిపోయినచోట, అంటే కాకినాడ నుంచి విజయనగరం గురజాడ యూనివర్సిటీ వేరైనట్టు, పాత బెంగళూరు యూనివర్సిటీ నుంచి సిటీ, నార్త్ యూనివర్సిటీలు వేరైనట్టు అయినచోట, కాలేజీ ఇప్పుడు దేని కింద ఉందో చూడకండి. మీ పీసీ మీద ఎవరి పేరుందో అదే రాయండి.

*పర్సెంటేజీ.* సీజీపీఏను పదితో గుణించేయకండి. మీ రెగ్యులేషన్ సూత్రం మెమో వెనకో, రెగ్యులేషన్ పుస్తకంలోనో ఉంటుంది. జేఎన్‌టీయూ హైదరాబాద్ సీజీపీఏ రెగ్యులేషన్లలో అది ఇలా ఉంటుంది:

```
% = (CGPA - 0.5) * 10
```

దీని ప్రకారం 7.8 అంటే 73 శాతం, 78 కాదు. ఐదు శాతం తేడా కంపెనీ కటాఫ్ దగ్గర పెద్ద మాటే అవుతుంది.

*పేరు.* మన సర్టిఫికెట్లలో ఇంటిపేరు ముందుంటుంది, చాలాసార్లు ఒక్క అక్షరంగానే ఉంటుంది. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, చివర్లో ఉంటుంది. కంపెనీ ఫారం ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని విడగొట్టి అడుగుతుంది. వరుస మారినంత మాత్రాన సాధారణంగా ఎవరూ పట్టించుకోరు. స్పెల్లింగ్ తేడా, పొడి అక్షరానికీ పూర్తి ఇంటిపేరుకీ తేడా మాత్రం ప్రశ్నలు తెస్తాయి. "పీసీ మీద ఉన్నట్టుగా పేరు" అనే గడి ఉంటే అక్కడ పీసీలో ఉన్నట్టే రాయండి, ఒక్క చుక్క కూడా మార్చొద్దు. ఆధార్‌ను టెన్త్ మెమోకు సరిపోయేలా మార్చుకోవడం శాశ్వత పరిష్కారం. అప్పటిదాకా రెండు పేర్లూ ఒకే మనిషివని నోటరీ అఫిడవిట్ ఒకటి చేయించి పెట్టుకోండి.

4. హెచ్‌ఆర్‌కు ముందుగానే రాయండి

వాళ్లు అడిగేదాకా ఆగొద్దు. చేరడానికి వారం ముందు చిన్న మెయిల్ పంపండి. పాసైన నెల, సంవత్సరం, పీసీ, సీఎంఎం జతచేస్తున్నట్టు ఒక మాట, ఓడీకి అప్లై చేసిన తేదీ, అప్లికేషన్ నంబరు, ఎప్పటిలోగా ఇవ్వగలరో ఒక తేదీ. ఇంతకు మించి అక్కర్లేదు. ఫీజు రసీదు జతచేస్తే మీరు మాటలు చెప్పడం లేదని తెలుస్తుంది.

ఇచ్చే తేదీని గాలిలోంచి తీయకండి. యూజీసీ 2008 నిబంధనల ప్రకారం విద్యార్థులు అర్హత పొందాల్సిన తేదీ నుంచి 180 రోజుల్లోగా డిగ్రీ ప్రదానం చేయాలి. దాన్ని ఆధారంగా తీసుకుని, పైన కొంత వెసులుబాటు కలపండి.

అనంతపురం జేఎన్‌టీయూ కింద చదివిన ఒక కుర్రాడి లెక్క చూద్దాం. చివరి పరీక్షలు 2025 ఏప్రిల్‌లో రాశాడు, ఫలితాలు జూన్ 10న వచ్చాయి, జూలైలో పీసీ తీసుకున్నాడు, ఆగస్టు 4న వైట్‌ఫీల్డ్‌లో చేరాలి అనుకుందాం. పీసీ మీద ఏప్రిల్ 2025 అని ఉంది కాబట్టి ఫారంలో అదే రాస్తాడు. జూన్ 10 నుంచి 180 రోజులంటే డిసెంబరు 7. హెచ్‌ఆర్ "మూడు నెలల్లో ఇస్తావా" అని అడిగితే మొహమాటానికి సరే అనేస్తే నవంబరు మొదటికి గడువు వచ్చి పడుతుంది, అప్పటికి ఓడీ రాకపోవచ్చు. 2026 జనవరి చివరిదాకా అడిగితే ఊపిరి పీల్చుకునే వీలుంటుంది. కంపెనీ అండర్‌టేకింగ్ రాయించుకుంటే అందులో కూడా ఇదే తేదీ ఉందో లేదో చదివి సంతకం పెట్టాలి. "గడువులోగా ఇవ్వకపోతే ఉద్యోగం రద్దు" అనే వాక్యం ఉంటే, "యూనివర్సిటీ జాప్యం వల్ల ఆలస్యమైతే గడువు పొడిగిస్తారు" అనే మాట కలపమని మర్యాదగా అడగొచ్చు. అన్ని కంపెనీలూ ఒప్పుకోవు, కానీ అడిగినందుకు ఆఫర్ వెనక్కి తీసుకోరు.

చేరే రోజు ఒరిజినల్స్ చూపించండి, మీ సంతకం చేసిన జిరాక్సులు రెండు సెట్లు ఇవ్వండి. చూశాక ఒరిజినల్స్ మీ బ్యాగులోకి వచ్చేయాలి. ఏడాది బాండు పేరుతో ఒరిజినల్స్ తమ దగ్గరే పెట్టుకుంటామనే చిన్న కన్సల్టెన్సీలు బెంగళూరులో ఇంకా కనబడతాయి. నా మటుకు నేను అలాంటిచోట చేరొద్దనే చెబుతాను.

5. డిజీలాకర్లో వచ్చిందేమో చూడండి

కాగితం ఓడీ కంటే ముందే కొన్నిసార్లు డిజిటల్ ప్రతి వచ్చేస్తుంది. డిజీలాకర్లో మీ యూనివర్సిటీ పేరు వెతికి, డిగ్రీ లేదా ప్రొవిజనల్ ఎంచుకుని, హాల్ టికెట్ నంబరు, సంవత్సరం ఇవ్వండి. దొరికితే అది `Issued` విభాగంలో చేరుతుంది. అలా చేరినదాన్ని ఐటీ చట్టం కింద 2016లో వచ్చిన డిజిటల్ లాకర్ నిబంధనలు ఒరిజినల్‌తో సమానంగా చూస్తాయి, విద్యాసంస్థలు దాన్ని అంగీకరించాలని యూజీసీ కూడా రాసింది. హెచ్‌ఆర్‌కు అది పంపితే చాలాసార్లు గొడవ అక్కడితో తీరిపోతుంది.

ఇక్కడ ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. పీసీని ఫోన్లో ఫొటో తీసి `Drive` విభాగంలో అప్‌లోడ్ చేసి, డిజీలాకర్ కాపీ అని పంపుతారు. అది మీరు పెట్టుకున్న ఫొటో మాత్రమే, దానికి జిరాక్సుకున్న విలువే ఉంటుంది. వెతికినా దొరకలేదంటే యూనివర్సిటీ మీ బ్యాచి డేటా ఇంకా ఎక్కించలేదేమో, లేదా ఆధార్ పేరుతో కలవడం లేదేమో. మొదటిదైతే ఆగడమే, రెండోదైతే పైన చెప్పిన పేరు పని పూర్తి చేయాలి.

6. వెరిఫికేషన్ ఏమైందో కనుక్కోండి

చేరిన నెల, నెలన్నరకు హెచ్‌ఆర్‌ను ఒక్క లైన్లో అడగండి. క్లియర్ అంటే సరే. "ఇన్‌సఫిషియెంట్" అంటే కాగితం మసగ్గా ఉందో, వెనక పేజీ లేదో అన్నమాట, మంచి స్కాన్ పంపితే సరిపోతుంది. "అనేబుల్ టు వెరిఫై" అంటే సాధారణంగా యూనివర్సిటీ జవాబివ్వలేదని. అప్పుడు ఎగ్జామినేషన్ బ్రాంచికి ఫోన్ చేసి, ఏజెన్సీ విజ్ఞప్తి అందిందా, వెరిఫికేషన్ ఫీజు కట్టారా అని అడిగి ఆ జవాబు హెచ్‌ఆర్‌కు చెప్పండి. "డిస్క్రెపెన్సీ" అంటే మాత్రం ఏ గడిలో తేడా వచ్చిందో రాతపూర్వకంగా అడిగి, పీసీ కాపీతో అదే రోజు వివరణ ఇవ్వండి. టైపింగ్ తప్పును వెంటనే ఒప్పుకుంటే సరిదిద్దుతారు. నాన్చితే వేరే అర్థం తీస్తారు.

ప్రైవేటు కాక వేరేచోటయితే

బ్యాంకు, ప్రభుత్వ పరీక్షల్లో ఓడీ కంటే తేదీదే రాజ్యం. ఉదాహరణకు ఐబీపీఎస్ నోటిఫికేషన్లలో పాసైన తేదీ అంటే మార్క్‌షీట్ లేదా ప్రొవిజనల్ మీద ఉన్న తేదీ అని ఉంటుంది. ఫలితాలు వెబ్‌సైట్లో పెట్టినదైతే, ఏ తేదీన పెట్టారో యూనివర్సిటీ లేదా కాలేజీ అధికారి ఇచ్చిన సర్టిఫికెట్ చూస్తారు. కటాఫ్‌కు అటూఇటూగా మీ ఫలితాలు వచ్చుంటే ఆ సర్టిఫికెట్ కాలేజీలో ఉండగానే తీసుకోండి, ఏడాది తర్వాత వెళ్తే ఆ క్లర్కు ఉండడు. విదేశీ వీసా, అపోస్టిల్ పనులకు పీసీ మీద ఆధారపడొద్దు, అక్కడ ఓడీ కావాల్సి వస్తుంది.

పాసై రెండు మూడేళ్లయినా పీసీయే చూపిస్తే ప్రైవేటులో కూడా లెక్క మారుతుంది. రెండో కంపెనీకి మారేటప్పుడు "ఓడీ ఇంకా ఎందుకు తీసుకోలేదు" అన్న ప్రశ్నకు మన దగ్గర జవాబుండదు.

వీటీయూ కింద బెంగళూరులో చదివినవాళ్లు పీసీ అన్నచోట పీడీసీ, అంటే ప్రొవిజనల్ డిగ్రీ సర్టిఫికెట్ అని చదువుకోండి. పర్సెంటేజీ సూత్రం వేరు, మీ స్కీమ్‌లో ఉన్నది వాడాలి. మిగతా మెట్లన్నీ ఇవే.

180 రోజులు దాటినా రాకపోతే

ముందు అప్లికేషన్ నంబరుతో ఎగ్జామినేషన్ బ్రాంచికి, కాపీ రిజిస్ట్రార్‌కు మెయిల్ చేయండి. రెండు వారాల్లో కదలిక లేకపోతే పది రూపాయల ఆర్టీఐ అర్జీ పెట్టి, మీ దరఖాస్తు ఇప్పుడు ఏ సెక్షన్లో, ఏ తేదీ నుంచి ఉందో అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి కాబట్టి ఫైలు సాధారణంగా ఆలోపే కదులుతుంది. యూజీసీ ఈ-సమాధాన్ పోర్టల్‌లో ఫిర్యాదు కూడా చేయొచ్చు. ఈ మెయిళ్ల కాపీలు హెచ్‌ఆర్‌కు పంపితే గడువు పొడిగించడానికి వాళ్లకు ఒక కారణం దొరుకుతుంది.

"వారంలో ఓడీ తెప్పిస్తాం" అని మెసేజ్ పెట్టే ఏజెంట్ల జోలికి వెళ్లకండి. వాళ్లిచ్చింది నకిలీ అయితే వెరిఫికేషన్‌లో బయటపడుతుంది, అప్పటిదాకా శుభ్రంగా ఉన్న మీ అసలు పీసీ మీద కూడా అనుమానం వస్తుంది.

ఓడీ వచ్చాక

కవరు విప్పగానే పీసీ పక్కన పెట్టి పేరు, క్లాసు, పాసైన నెల పోల్చండి. రెండు భాషల్లో పేరుంటే రెండూ చదవండి, తెలుగులో గుణింతం తప్పు పడటం అరుదేమీ కాదు. ఆధార్ నంబరు పూర్తిగా అచ్చయి ఉంటే అది కూడా తప్పే, అలా వేయకూడదని యూజీసీ 2023లోనే యూనివర్సిటీలకు చెప్పింది. తప్పులేమైనా ఉంటే వెంటనే రాసి పంపండి. అన్నీ సరిగ్గా ఉంటే స్కాన్ హెచ్‌ఆర్‌కు పంపి, అండర్‌టేకింగ్ ముగిసినట్టు జవాబు మెయిల్ తెప్పించుకోండి. ఓడీకి లామినేషన్ మాత్రం చేయించకండి, తర్వాత అటెస్టేషన్‌కు వెళ్తే లామినేట్ చేసినదాని మీద ముద్ర వేయడం కుదరదని తిప్పి పంపుతారు. ప్లాస్టిక్ ఫోల్డర్ చాలు.